రిజిస్ట్రేషన్ వాయిదా వేస్తున్న కొనుగోలుదారుకు ఆఖరి తేదీ చెప్పే మెసేజ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కింద చెప్పేదంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. కర్నూలులో కల్లూరు వైపు అయిదు సెంట్ల ఖాళీ స్థలం. సెంటు 8 లక్షల లెక్కన 40 లక్షలకు బేరం కుదిరింది. 2025 ఫిబ్రవరి 14న అగ్రిమెంటు రాసుకున్నారు. 5 లక్షల అడ్వాన్స్ అమ్మే ఆయన ఖాతాలో పడింది. మిగతా 35 లక్షలు మూడు నెలల్లో, అంటే మే 14లోగా ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మే నెలలో బ్యాంకు లోను ఇంకా రాలేదని కొనే ఆయన అన్నారు. జూన్ చివరికి ఆషాఢం వచ్చింది. ఆగస్టులో వరలక్ష్మీ వ్రతం కానీ అన్నారు. ఇప్పుడు వినాయక చవితి పోయింది, నిమజ్జనం అయినాక చూద్దాం అంటున్నారు. మనుషులు, బేరం ఊహించినవి. ఇలాంటి వాయిదాలు మాత్రం ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు నిలబడినా వినిపిస్తాయి.

అగ్రిమెంటులో గడువు రాసే ఉంది కదా, మళ్లీ తేదీ చెప్పడం ఎందుకు?

చాలామంది గడువు దాటగానే అగ్రిమెంటు దానంతట అదే చచ్చిపోయిందని అనుకుంటారు. స్థిరాస్తి విషయంలో అలా కాదు. ఇల్లు, స్థలం, పొలం అమ్మకాల్లో రాసుకున్న గడువును కోర్టులు మామూలుగా ఒప్పందానికి ప్రాణం లాంటి షరతుగా చూడవు. చాంద్ రాణి, కమల్ రాణి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఇదే సూత్రం చెప్పింది. అయితే ఒప్పందంలోని మాటలను బట్టి, ఆస్తి స్వభావాన్ని బట్టి, చుట్టూ ఉన్న పరిస్థితులను బట్టి గడువు ముఖ్యమేనని తేలే సందర్భాలూ ఉంటాయని అదే తీర్పులో చెప్పింది.

1872 నాటి ఒప్పందాల చట్టం సెక్షన్ 55 చెప్పేది కూడా ఇదే దారిలో ఉంటుంది. గడువు ముఖ్యమైన షరతు అయితే, అది దాటినాక అవతలి వాళ్లు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కాకపోతే, ఆలస్యం వల్ల కలిగిన నష్టం అడగడానికే వీలుంటుంది.

పైగా మన ఉదాహరణలో మే 14 దాటినాక అమ్మే ఆయన నాలుగుసార్లు "సరేలే అన్నా" అన్నాడు. ప్రతి "సరే" పాత గడువును ఇంకొంచెం పలచన చేసింది. ఇప్పుడు ఒక్కసారిగా "గడువు దాటింది, అగ్రిమెంటు క్యాన్సిల్" అంటే అది నిలబడటం కష్టం. అందుకే కొత్త తేదీ కావాలి. అవతలి వాళ్లకు సరిపడా సమయం ఇచ్చి, ఇదే ఆఖరు అని స్పష్టంగా రాతలో చెబితే, పలచబడిన గడువు మళ్లీ గట్టిపడుతుంది. మర్యాద కోసం రాసే మెసేజ్ అయినా అది చేసే అసలు పని ఇదే.

మెసేజ్ పంపే ముందు నేను చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఉంది, నా లెక్కలో మెసేజ్ కంటే ఇదే ముఖ్యం. ఆఖరి తేదీ చెప్పాక కొనే ఆయన నిజంగానే డబ్బు పట్టుకుని వచ్చేస్తే మీరు సంతకం పెట్టగలరా?

స్థలం తండ్రి పేరు మీద నుంచి వచ్చిందనుకోండి. అక్కచెల్లెళ్ల సంతకాలు కావాలా, వాళ్లు ఆ రోజుకు రాగలరా? ఒక చెల్లెలు బెంగళూరులో ఉండి "దసరాకు వస్తా" అంటుంటే, దసరాకు ముందు తేదీ పెట్టి మీరే ఇరుక్కుంటారు. స్థలం మీద బ్యాంకు అప్పు ఉంటే అది తీరినట్టు కాగితం వచ్చిందా? ఒరిజినల్ దస్తావేజు, దాని వెనకటి లింకు డాక్యుమెంట్లు చేతిలో ఉన్నాయా? స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ తాజాగా తీశారా? ఖాళీ స్థలం పన్ను కట్టిన రసీదు ఉందా? సర్వే నంబరు నిషేధిత జాబితాలో పొరపాటున చేరి ఉంటే అదీ ముందే చూసుకోవాలి, ఎందుకంటే ఆ జాబితాలో ఉన్న దాన్ని ఆఫీసులో ముట్టుకోరు.

వీటిలో ఒక్కటి తక్కువైనా, రేపు గొడవ పెద్దదైతే కొనే ఆయన వైపు లాయరు "మా క్లయింటు సిద్ధమే, అమ్మే ఆయనకే కాగితాలు లేవు" అంటాడు. మీ ఆలస్యం ఏదైనా ఉంటే ముందు దాన్ని తీర్చుకుని, తర్వాతే తేదీ పెట్టండి.

తేదీ ఎన్ని రోజులు ముందుకు పెట్టాలి? ఏ రోజు మంచిది?

చట్టంలో ఇన్ని రోజులని లేదు, సమంజసమైన సమయం అంటుంది. ఇప్పటికే మూడు నెలలు ఆగి ఉంటే, రెండు మూడు వారాలు ఇవ్వడం న్యాయంగానే కనిపిస్తుంది. బ్యాంకు లోను నిజంగా నడుస్తున్నదని కాగితం చూపిస్తే నెల ఇచ్చినా తప్పు లేదు. రెండు రోజులు మాత్రం ఇవ్వకండి. అది ఎగ్గొట్టడానికి వేసిన ఎత్తులా కనిపిస్తుంది.

రోజు ఎంచుకోవడంలో మన ప్రాంతపు లెక్కలు మరిచిపోకూడదు. 2025నే చూడండి. ఆగస్టు 27న వినాయక చవితి, కర్నూలులో తొమ్మిదో రోజు కేసీ కాలువ దగ్గర నిమజ్జనం, సెప్టెంబరు 8 నుంచి 21 దాకా మహాలయ పక్షాలు. పక్షాల్లో తేదీ పెడితే "పితృపక్షాల్లో రిజిస్ట్రేషనా?" అని ఇంకో వాయిదా మీరే చేతికిచ్చినట్టు. 21న మహాలయ అమావాస్య అయిపోతుంది, 22న నవరాత్రులు మొదలు. సెప్టెంబరు 24, బుధవారం. ఇక కాదనడానికి సాకు దొరకదు. మెసేజ్ సెప్టెంబరు 1న పంపితే మూడు వారాలకు పైగా సమయం ఇచ్చినట్టూ అవుతుంది.

ఆదివారం, రెండో శనివారం పడకుండా చూసుకోండి. కొనే ఆయనకు మంగళవారం పట్టింపు ఉంటే అదీ వద్దు. స్లాట్ ముందుగా బుక్ చేయాలంటే దానికీ రెండు మూడు రోజులు మిగలాలి. పట్టింపులు నాకు పెద్దగా లేవు, కానీ అవతలి వాళ్ల పట్టింపును గౌరవించి తేదీ పెట్టిన తర్వాత వాళ్లు రాకపోతే, పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషులు మాట్లాడే తీరే మారిపోతుంది.

మెసేజ్ ఎలా రాయాలి? ఒక నమూనా ఇవ్వండి.

కొనే ఆయన వయసులో పెద్ద, తెలిసిన మనిషి, మధ్యవర్తి ద్వారా వచ్చినవాడు అనుకుని రాసినది:

> అన్నా, నమస్కారం. ఇంట్లో అందరూ బాగున్నారని తలుస్తాను.
>
> కల్లూరు వైపు మన అయిదు సెంట్ల స్థలం గురించి రాస్తున్నా. ఫిబ్రవరి 14న అగ్రిమెంటు రాసుకున్నాం. మీరిచ్చిన అడ్వాన్స్ 5 లక్షలు నాకు ముట్టింది. మిగతా 35 లక్షలు మే 14లోగా ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని రాసుకున్నాం. లోను ఆలస్యమని, తర్వాత ఆషాఢమని, శ్రావణంలో వ్రతమని మీరు చెప్పినప్పుడల్లా మీ ఇబ్బంది అర్థం చేసుకుని ఆగాను.
>
> నా వైపు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఒరిజినల్ డాక్యుమెంట్లు, లింకు డాక్యుమెంట్లు, కొత్త ఈసీ, పన్ను రసీదు నా దగ్గర ఉన్నాయి. మీ లాయరుకు చూపించుకోవాలంటే ఈ వారంలో ఎప్పుడైనా రండి.
>
> నేను కూడా వేరే చోట డబ్బు కట్టాల్సి ఉంది కాబట్టి, సెప్టెంబరు 24, బుధవారం ఉదయం 11 గంటలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకుందాం. ఇది ఆఖరి తేదీగా పెట్టుకుంటున్నా అన్నా. ఆ రోజు దాటితే నేను ఆగలేను. అగ్రిమెంటులోని షరతుల ప్రకారం దాన్ని రద్దు చేసుకోవాల్సి వస్తుంది.
>
> దస్తావేజు రాయించడానికి, స్లాట్‌కు టైం కావాలి కాబట్టి, వస్తారో లేదో సెప్టెంబరు 15లోగా చెప్పండి. ఏదైనా ఇబ్బంది ఉంటే కూర్చుని మాట్లాడుకుందాం. అగ్రిమెంటుకు సాక్షిగా ఉన్న అన్నకూ ఈ మెసేజ్ పంపుతున్నా.

"ఇబ్బంది ఉంటే మాట్లాడుకుందాం" అన్న మాట తేదీ తర్వాత వచ్చింది, తేదీని మాత్రం కదిలించలేదు. "మీ వీలు చూసుకుని చెప్పండి" అని ఉంటే కథ మళ్లీ మొదటికి వచ్చేది. సెప్టెంబరు 15 అన్న చిన్న గడువు కూడా ఊరికే పెట్టలేదు. నిజంగా కొనేవాడు ఆ లోపల ఫోన్ చేస్తాడు. 15 దాటినా మౌనంగా ఉంటే 24న ఏం జరుగుతుందో మీకు ముందే తెలిసిపోతుంది.

"మీ అడ్వాన్స్ పోయినట్టే" అని రాయొచ్చా?

రాయకండి. ఆ ఒక్క వాక్యంతో మర్యాద పోతుంది, చట్టపరంగానూ అది అనుకున్నంత గట్టి మాట కాదు.

అగ్రిమెంటులో ఆ డబ్బును ఏమని రాశారన్నది ముందు చూడాలి. బేరం నిలబెట్టుకుంటానన్న నమ్మకానికి ఇచ్చిన బయానా అని, తప్పితే వదులుకోవాలని స్పష్టంగా రాసి ఉంటే ఒక లెక్క. ధరలో కొంత భాగం ముందుగా ఇచ్చారని మాత్రమే ఉంటే ఇంకో లెక్క, అలాంటి డబ్బును సాధారణంగా తిరిగి ఇవ్వాల్సిందే. షరతు ఉన్నా సరే, ఒప్పందాల చట్టం సెక్షన్ 74 ప్రకారం కోర్టు సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది, కాగితం మీద రాసిన అంకె మొత్తం దానంతట అదే మీ సొంతం కాదు. 40 లక్షల బేరంలో 5 లక్షలంటే ఎనిమిదో వంతు. అంత మొత్తం పూర్తిగా మీకే దక్కుతుందో లేదో మీ కాగితం చదివిన లాయరు చెప్పాల్సిన విషయం. మెసేజ్‌లో "అగ్రిమెంటులోని షరతుల ప్రకారం" అంటే చాలు. దానితో మీరు దేన్నీ వదులుకోలేదు, ఎవరినీ బెదిరించలేదు.

ఆలస్యానికి వడ్డీ అడగవచ్చా?

అగ్రిమెంటులో ఉంటే అడగండి. లేకపోతే బేరం మాటగా అడగొచ్చు, హక్కుగా కాదు. అయినా ఈ లెక్క మీ మనసులో ఉండటం మంచిది. 35 లక్షలకు నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు 35 వేలు. మే మధ్య నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలలకు లక్షా నలభై వేలు. ఇంకో వాయిదా అడిగితే ఏం చెప్పాలో ఈ అంకె నిర్ణయిస్తుంది.

ఆయనకు నిజంగా డబ్బు కుదరడం లేదా, లేక మన స్థలాన్ని ఇంకొకరికి అమ్మే ప్రయత్నంలో ఉన్నాడా? ఎలా తెలుస్తుంది?

ఇది మన జిల్లాల్లో కొత్తేమీ కాదు. అడ్వాన్స్ ఇచ్చి, గడువులోపల ఎక్కువ ధరకు మూడో మనిషిని వెతికి, రిజిస్ట్రేషన్ నేరుగా ఆ మనిషి పేరు మీద చేయిస్తారు. "నేను చెప్పిన వాళ్ల పేరు మీద రిజిస్టర్ చేయాలి" అన్న వాక్యం మీ అగ్రిమెంటులో ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే అది నేరమేమీ కాదు, మీరు ఒప్పుకున్నదే. కానీ అప్పుడు ఆలస్యానికి అసలు కారణం లోనూ కాదు, ఆషాఢమూ కాదు. పై ధర ఇచ్చేవాడు ఇంకా దొరకలేదు, అంతే.

గుర్తులు కొన్ని ఉంటాయి. మీకు తెలియనివాళ్లు స్థలం దగ్గరకు వచ్చి కొలతలు వేస్తుంటారు. జెరాక్సులు మళ్లీ మళ్లీ అడుగుతారు. ఊళ్లో ఇంకో బ్రోకరు అదే స్థలాన్ని సెంటు తొమ్మిదిన్నర అని చెబుతుంటాడు. లోను అంటున్న మనిషిని "బ్యాంకువాళ్లు ఇచ్చిన శాంక్షన్ లెటర్ ఫొటో పంపండి అన్నా" అని అడిగితే మాట మారుస్తాడు. నిజంగా లోను నడుస్తుంటే బ్యాంకు లాయరే మీ లింకు డాక్యుమెంట్ల కోసం వెంటపడతాడు. నాలుగు నెలల్లో ఒక్క బ్యాంకు మనిషీ ఫోన్ చేయలేదంటే అనుమానించడంలో తప్పు లేదు.

మరో చిన్న లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం అవుతుంది. 40 లక్షల మీద 3 లక్షలు. అంటే ఆ రోజుకు ఆయనకు కావాల్సింది 35 కాదు, 38 లక్షలు. కొందరు ఈ 3 లక్షల దగ్గరే ఆగిపోతారు, బయటికి చెప్పుకోలేరు. "ఖర్చులతో కలిపి ఎంత కుదిరింది అన్నా?" అని మెల్లగా అడిగితే విషయం బయటపడుతుంది.

వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా?

మొదటి మాటగా వాట్సాప్ చాలు, తెలిసిన మనిషికి అదే మర్యాద కూడా. ఎలక్ట్రానిక్ రికార్డులు సాక్ష్యంగా చెల్లుతాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద వాటికి సర్టిఫికెట్ జత చేయాలి. కాబట్టి చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. కనిపించకుండా పోయే మెసేజ్‌ల సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి.

15వ తేదీకి జవాబు రాకపోతే ఇదే విషయాన్ని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, అగ్రిమెంటులో ఉన్న చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు, చేరినట్టు చూపే ట్రాకింగ్ ప్రింటు అగ్రిమెంటుతో పాటే దాచండి. లాయరు నోటీసు దీని తర్వాతి మెట్టు. మొదటి రోజే లాయరు నోటీసు వెళితే, ఇంకా కొనే ఉద్దేశం ఉన్న మనిషి కూడా మొండికేస్తాడు.

జవాబుగా ఇంకో నెల అడిగితే?

ఇవ్వాలా వద్దా అన్నది మీ అవసరాన్ని బట్టి. ఇస్తే మాత్రం నోటిమాటగా ఇవ్వకండి. ఇంకొంత డబ్బు బ్యాంకు ద్వారా వేయించుకుని, అగ్రిమెంటు వెనకాల కొత్త తేదీ రాసి, ఈసారి గడువు ముఖ్యమైన షరతు అని స్పష్టంగా పెట్టి, ఇద్దరూ సంతకం చేసి, పాత సాక్షులతోనే సాక్షి సంతకాలు పెట్టించండి. స్థలం అడ్వాన్స్‌గా 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం కుదరదు. "చేతికి రెండు లక్షలు తీసుకోండి" అంటే ఖాతా నంబరు పంపండి.

ఇవ్వలేకపోతే జవాబు చిన్నదిగా ఉండాలి: "అన్నా, మీ ఇబ్బంది తెలుసు. కానీ నేను కట్టాల్సిన చోట నాకూ గడువు ఉంది. 24నే ఉంచుకుందాం. ఆ రోజు నేను 11 గంటలకు ఆఫీసులో ఉంటా." ఇంతే. కారణాలు ఎక్కువ రాస్తే ఒక్కో కారణానికీ ఒక్కో జవాబు వస్తుంది. పంట వచ్చినాక అనే మాటకు కూడా ఇదే జవాబు. వేరుశనగ పీకి, అమ్మి, డబ్బు చేతికి రావడానికి కార్తీకం దాటినా దాటుతుంది.

24న ఆయన రాలేదు. నేనేం చేయాలి?

మీరు వెళ్లండి. రాడని ఖాయంగా తెలిసినా వెళ్లండి. ఒరిజినల్స్, ఆధార్, పాన్ తీసుకుని, అగ్రిమెంటు సాక్షుల్లో ఒకరిని వెంటబెట్టుకుని చెప్పిన టైముకు అక్కడ ఉండండి. "అన్నా, 11 గంటల నుంచి ఆఫీసు దగ్గరే ఉన్నా, కాగితాలన్నీ తెచ్చాను, మీరు ఎక్కడున్నారు?" అని అక్కడి నుంచే మెసేజ్ పెట్టండి. ఆ రోజు తేదీతో అక్కడి రసీదు ఏదైనా దొరికితే తీసుకోండి, ఈసీకి డబ్బు కట్టినదైనా సరే. మీరు సిద్ధంగా ఉన్నారు, ఆయన రాలేదు. రేపు ఎక్కడ అడిగినా ఈ రెండు విషయాలకే విలువ.

ఆ సాయంత్రం "ఇంకో నాలుగు రోజులు చూద్దాంలే" అని మెసేజ్ పెట్టారంటే మూడు వారాలుగా కట్టుకున్నదంతా కరిగిపోతుంది. అక్టోబరులో ఆయన వేసే లక్ష రూపాయలను మౌనంగా ఖాతాలో ఉంచుకున్నా అంతే. గడువు మీరే పొడిగించారని అంటారు. రద్దు చేసుకోవాలని నిర్ణయించుకుంటే వారంలోపల రద్దు సంగతి, అడ్వాన్స్ సంగతి రాతలో చెప్పేయండి.

వెంటనే వేరేవాళ్లకు అమ్మేయొచ్చా?

తొందరపడకండి. రద్దు సంగతి రాతలో చెప్పకుండా అమ్మితే పాత ఆయన కోర్టుకు వెళ్లి, నాకే రిజిస్ట్రేషన్ చేయించమని అడగవచ్చు. అలాంటి దావాకు 1963 లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 54 మూడేళ్ల గడువు ఇస్తుంది. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే మీరు కాదన్న సంగతి ఆయనకు తెలిసినప్పటి నుంచి ఈ మూడేళ్లు లెక్కిస్తారు. దావా నడుస్తుండగా కొత్తగా కొన్నవాడు కూడా ఆ తీర్పుకు కట్టుబడాల్సి వస్తుంది.

అగ్రిమెంటు రిజిస్టర్ అయి ఉంటే అది ఈసీలో కనిపిస్తుంది. కొత్తగా కొనేవాడు అదే ముందు అడుగుతాడు. అప్పుడు రద్దు పత్రం కూడా రిజిస్టర్ కావాలి, దానికి పాత ఆయన సంతకం కావాలి. మర్యాదగా రాసిన మెసేజ్ విలువ ఇక్కడ తెలుస్తుంది. తిట్టుకుని విడిపోయిన మనిషి రద్దు పత్రం మీద సంతకం పెట్టడానికి సులభంగా రాడు.

రిజిస్టర్ కాని మామూలు స్టాంపు పేపరు అగ్రిమెంటు అయితే పని తేలిక. అడ్వాన్స్‌లో తిరిగి ఇవ్వాల్సింది ఎంతో మధ్యవర్తి ముందు తేల్చుకుని, బ్యాంకు ద్వారా వేసి, ఆయన దగ్గరున్న ఒరిజినల్ అగ్రిమెంటు వెనక్కి తీసుకోండి. దాని మీద "ఇంత మొత్తం ముట్టింది, ఈ అగ్రిమెంటు ఇద్దరి ఇష్టంతో రద్దయింది, ఈ స్థలం మీద నాకు ఏ హక్కూ లేదు" అని ఆయన చేత రాయించి, తేదీ వేయించి, సంతకం తీసుకోండి. జెరాక్సు మీద కాదు, ఒరిజినల్ మీదే.